మీటని గాంధారం

మా ముత్తాతకు తాత పల్నాడులో తొమ్మిది గ్రామాల శిస్తు లెక్కలు చూసే దేశపాండ్యా. ఆయన కొడుకు గుర్రం దిగకుండా కచేరీ గుమ్మం దాకా వెళ్ళే హక్కున్న మనిషి. ముత్తాత తన ఇనాం భూముల సరిహద్దులన్నీ దొరల ఎదుట నిలబడి, కాగితం చూడకుండా చెప్పాడట. తాత తాలూకా బోర్డు అధ్యక్షుడు. బదిలీ అయి వెళ్ళిపోతున్న ఒక తెల్ల అధికారి సామాన్లు వేలం వేస్తే, ఎవరూ ముట్టని పియానోను రెండు బళ్ళు కట్టించి గురజాల దగ్గర మా ఊరికి తోలించినవాడు ఆయనే. నాన్న కాలానికి కరణీకం ఒక్కటి మిగిలింది. నా కాలానికి అదీ లేదు. ప్రభుత్వం ఒక్క సంతకంతో రాష్ట్రంలో కరణాలందరినీ తీసేసేనాటికి నేను నరసరావుపేటలో ఒక కాలేజీ ఫిజిక్స్ లాబులో డెమాన్‌స్ట్రేటరుగా శ్రుతిదండాలు తుడుస్తున్నాను.

ఇవన్నీ గొప్పకు చెప్పడం లేదు. గొప్ప కాదని కూడా అనను.

ఆ పియానోను మా ఇంట్లో వాయించింది ఒక్క మా మేనత్తే. నాన్నకు చెల్లెలు. చిన్నప్పుడు మిషన్ బంగళాలో ఉన్న దొరసాని దగ్గర పియానో నేర్చుకుంది. సాయంత్రాలు, తాత ఇంట్లోనే పెట్టి పోషించిన వీణ పంతులుగారి దగ్గర వీణ నేర్చుకుంది. ఆయన దగ్గరే తరవాత నేనూ నేర్చుకున్నాను. అత్తయ్య పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగే చనువు మా ఇంట్లో ఎవరికీ లేదు. నరసరావుపేటకు కాపురం మార్చినప్పుడు మా అద్దె ఇంట్లో పియానో పట్టలేదు. దాన్ని బాలికల మిషన్ స్కూలు హాల్లో పెట్టించాను. ఇచ్చానని ఎవరైనా అంటే సరిదిద్దేవాణ్ణి, పెట్టించానని. స్కూలువాళ్ళు రెండుసార్లు కొంటామని కబురు చేశారు. రెండుసార్లూ జవాబు రాయలేదు. అత్తయ్య ఆ స్కూల్లో జీతం పుచ్చుకోకుండా మొదటి ఎనిమిదేళ్ళు పిల్లలకు పియానో నేర్పింది.

ఆవిడ సొంతంగా కట్టుకున్న ముక్క ఒకటుంది. నాలుగు నిమిషాల పైచిలుకు. దానికి పేరు పెట్టలేదు, కాగితం మీదా పెట్టలేదు. శుద్ధ సావేరి నడక. ఎడమచేతిలో సా, పా తంబురాలాగా మోగుతూ ఉంటాయి, కుడిచేతిలో పాట పైన నడుస్తుంది. ఒక ఆదివారం పొద్దున స్కూలు హాల్లో నా టేప్‌రికార్డరును పియానో మూత మీద పెట్టి రికార్డు చేశాను. కరెంటు లేదు. పాత సెల్స్‌తోనే నడిపాను. ముక్క అయిపోయాక ఆవిడ గొంతు కూడా కాసెట్‌లో ఉంది: "ఇంకోసారి బాగా వాయిస్తాలేరా."

ఆ ఇంకోసారి రాలేదు. నాలుగు నెలలకు పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది, మాట పోయింది. అన్నీ అర్థమవుతాయి. నోటి నుంచి వచ్చేవి రెండే, 'ఊఁ', 'కాదు'. స్వరాలు రాసిన కాగితం ముందు పెడితే, తెలియని ఊరి బస్సు బోర్డు చూసినట్టు చూసి కళ్ళు తిప్పుకునేది.

వినడం మాత్రం పోలేదు. కాసెట్ పెడితే ఎడమచెయ్యి మంచం పట్టె మీద కదిలేది. రెండు మూడుసార్లు విన్నాక ఆవిడ కాసెట్‌ను కాదు, స్కూలు వైపు కిటికీని చూపించడం మొదలుపెట్టింది. టేపులో కాదు, పియానో మీద వినాలి. ఎవరైనా వాయించాలి. అది నాకు అర్థం కావడానికి ఒక వారం పట్టింది. రెండోసారి పక్షవాతం వస్తే ఆశ పెట్టుకోవద్దని డాక్టరు చెప్పి ఉన్నాడు. ఫిబ్రవరిలో స్కూలు వార్షికోత్సవం. నేను వెళ్ళి సంగీతం టీచరును అడిగాను. గుంటూరు నుంచి వచ్చినావిడ, ముప్ఫై ఏళ్ళుంటాయి, చిన్నప్పుడు ఈ స్కూల్లోనే చదివింది, చర్చిలోనూ వాయిస్తుంది.

"వాయిస్తాను సార్. రాసి ఇవ్వండి."

"కాసెట్ ఉంది. విని వాయించరాదా?"

"చూసి వాయించడం వచ్చు నాకు. గాల్లో ఉన్నది వాయించడం రాదు. మా టీచరు మీ మేనత్తగారే సార్, ఆమే నేర్పలేదు."

"సరే, రాసి ఇస్తాను."

"అయిదు గీతల మీద రాయాలి సార్. సరిగమలు కాదు. ఏ చెయ్యి ఏ మెట్టు కొడుతుందో అంతా ఉండాలి."

"రాసి ఇస్తానన్నానుగా."

ఆవిడ నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. మీటని తీగ మోగితే కూడా పట్టుకునే చెవి అని పంతులుగారు నలుగురిలో నన్ను పొగిడేవారు. నాలుగు నిమిషాల పాట రాయడానికి ఎవరి సాయం కావాలి.

రైల్వేస్టేషన్ రోడ్డులో స్టాఫ్ నొటేషన్ పుస్తకాలు దొరకవు. తెల్లకాగితాల మీద స్కేలు పెట్టి నేనే గీతలు గీసుకున్నాను. పై పాట రెండు రోజుల్లో వచ్చేసింది. రాసింది తీసుకుని హాలుకు వెళ్ళి ఒంటివేలితో నొక్కి చూస్తే, కాసెట్‌తో కలవలేదు. మొత్తం దాదాపు అర స్వరం తక్కువ పలికింది. మొదట పియానో శ్రుతి దిగిందనుకున్నాను. రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాక పాత సెల్స్ గుర్తొచ్చాయి. సెల్స్ నీరసించి రికార్డు చేసేటప్పుడు టేపు నెమ్మదిగా తిరిగింది. ఇప్పుడు మంచి కరెంటు మీద సరైన వేగంతో తిప్పితే పాట వేగమూ పెరిగింది, స్థాయీ పెరిగింది. తప్పు పియానోది కాదు, కాసెట్ శ్రుతిది.

గడియారస్తంభం దగ్గర టేప్‌రికార్డర్లు బాగుచేసే సాయిబు ఒకాయన ఉండేవాడు. ఆయన తండ్రి మా తాతకు గ్రామఫోను బాగుచేసినవాడు. ఆ లెక్కన ఆయనకు నామీద చనువు.

"ఏంది కరణంగారూ, మళ్ళీ టేపు నమిలిందా?"

"కరణాలు లేరు ఇప్పుడు."

"సర్కారుకు లేరు. మాకున్నారు. చెప్పండి."

చెప్పాను. ఆయన టేప్‌రికార్డరు వెనక విప్పి మోటారు వెనకున్న చిన్న రంధ్రంలో స్క్రూడ్రైవరు పెట్టాడు. నేను కాలేజీ నుంచి తెచ్చిన శ్రుతిదండాన్ని బల్లకు కొట్టి ముందుగా పియానోతో సరిచూసుకున్న స్వరం వినిపించాను. ఆయన స్క్రూ తిప్పుతూ పోయాడు. పాట దిగుతూ దిగుతూ అక్కడికి వచ్చి ఆగింది. సరిగ్గా సా దగ్గర.

"ఇంకోటి కావాలి భాయ్. సగం వేగంతో తిరగాలి."

"సగమా? ఊళ్ళో అందరూ ఫాస్టుగా తిరగాలంటారు, మీరేంది రివర్సు?"

"సగం వేగమైతే పాట సరిగ్గా పై సా నుంచి కింది సాకు దిగుతుంది. స్వరాలు మారవు. రెండింతలు సేపు వినొచ్చు."

"లతమ్మ పాట పెడితే మగోడి గొంతు అయిద్ది అయితే."

"అవుతుంది."

"చానా బాగుంది. నా బావమరిదికి వినిపిస్తా." స్క్రూతో అంత దూరం రాదన్నాడు. లేతు పనివాడి దగ్గర సగం వెడల్పున్న ఇత్తడి పుల్లీ తీయించి మోటారుకు వేశాడు. నేను తీసుకెళ్ళే ముందు రెండు సినిమా పాటలు పెట్టి అంగడి ముందు ఒక గుంపును నవ్వించాడు.

అక్కడి నుంచి అసలు పని మొదలైంది. పాట ఒక్క వరస మీద నడిచే సంగీతం రాయడం వేరు. అందులో ఒక క్షణంలో ఒకటే స్వరం, అది ఏదో తెలిస్తే చాలు. పియానోలో ఒక క్షణంలో ఎన్ని మోగుతున్నాయో ముందు తెలియదు. రెండా, నాలుగా, ఏడా. ఒక్క తీగను కొట్టినా అది ఒక్క స్వరం ఇవ్వదు. తీగ మొత్తంగా ఊగుతూనే రెండు ముక్కలుగా, మూడు ముక్కలుగా, నాలుగు, అయిదు ముక్కలుగా కూడా ఊగుతుంది. కింది సా కొడితే, దాని పై సా, ఆ పై పా, ఆ పై సా, ఆ పై గా సన్నగా వెంట వస్తాయి. ఇది తీగ బిగించిన సోనోమీటరు పెట్టె మీద నేను ఏటా పిల్లలకు చూపించే పాఠమే. ఇప్పుడు సా, పా రెండూ కలిపి కొడితే? సా లోంచి వచ్చే పా, పా లోంచి వచ్చే పై పా ఒకే చోట పడతాయి. ఏది ఎవరిదో పేరు రాసి ఉండదు. సా మీద దాని పై సా కూడా కొట్టి ఉంటే మరీ అన్యాయం, పై దాని ముక్కలన్నీ కింది దాని ముక్కల్లోనే దాక్కుంటాయి. కొట్టిందీ కొట్టనిదీ దాదాపు ఒకేలా వినిపిస్తుంది.

లాబులో లెక్చరరుగారు పెద్దమనిషి, నాకంటే చిన్నవాడు. శబ్దాన్ని తెర మీద అలగా చూపే ఆసిలోస్కోపు వాడుకోనిచ్చాడు. శ్రుతిదండానికి నున్నటి అల వచ్చింది. పియానో ఒక్క స్వరానికి గరుకు అల వచ్చింది. మూడు స్వరాలు కలిసిన చోట ఊలు ఉండను పిల్లి లాగినట్టు వచ్చింది.

"కూడిక మొత్తం ఇచ్చి, ఏ అంకెలు కూడారో చెప్పమన్నట్టుందండీ," అన్నాడు ఆయన. "మొత్తం పన్నెండు. అయిదూ ఏడా, నాలుగు మూళ్ళా? విదేశాల్లో పెద్ద కంప్యూటర్లు పెట్టి రెండు వాయిద్యాల దాకా విడదీశారని ఎక్కడో చదివాను. అదీ ఎన్నో షరతుల మీద."

"నాకు కంప్యూటరు లేదు. చెవులున్నాయి."

"చెవులే మేలు లెండి. కానీ చెవి తనకు తెలిసిందే వింటుంది."

ఆ మాటకు నేను కొంచెం నొచ్చుకున్నాను.

ఇంట్లో సాయంత్రం అయిదు నుంచి ఏడు దాకా అదే పని. సగం వేగంలో పై స్వరాలు విడివిడిగా తెలిసేవి. కాని కింది స్వరాలు మరీ కిందికి దిగి ఆ చిన్న స్పీకరులో బురదయ్యేవి. వాటికి మళ్ళీ పుల్లీ మార్చి మామూలు వేగం. టేప్‌రికార్డరు ఇంకో ఉపకారం చేసింది. గట్టి శబ్దం వస్తే తనంతట తాను తగ్గించుకుని, శబ్దం సన్నగిల్లుతుంటే పెంచుకునే రకం అది. అత్తయ్య మెల్లగా కొట్టిందీ గట్టిగా కొట్టిందీ తేడా చెరిపేసింది. చల్లారుతున్న స్వరాన్ని పైకెత్తి ఇంకా పట్టుకునే ఉన్నట్టు చూపించింది. పైగా ఆవిడ పెడల్ ధారాళంగా తొక్కేది. పెడల్ తొక్కితే తీగల మీది మెత్తలన్నీ లేచి కొట్టని తీగలు కూడా సానుభూతితో మూలుగుతాయి. వేలు ఎప్పుడు లేచిందో వినిపించదు. ఒక్కో స్వరం పొడవు రాయడానికి నేను ఊహ మీద బతికాను.

"ఆ ఒక్క ముక్కే పదిహేను రోజుల్నుంచి," అంది మా ఆవిడ. "పాలు కూడా అదే తాళంలో పొంగుతున్నాయి."

"అయిపోవస్తోంది."

"నిన్నా అదే అన్నారు. అత్తయ్యగారూ, మీరైనా చెప్పండి."

అత్తయ్య 'ఊఁ' అంది. ఎవరి పక్షమో చెప్పలేదు.

ఇక్కడే నేను చేసిన తప్పు చెప్పాలి. ఎడమచేతి సా, పా మోగుతున్నప్పుడల్లా పైన ఒక గాంధారం వినిపించేది. సగం వేగంలో ఇంకా బాగా. మొదటిసారి విన్నప్పుడు నాకు సంతోషం వేసింది. తంబురా సరిగ్గా శ్రుతి అయితే ఎవరూ మీటని గాంధారం తనంతట తాను పలుకుతుంది. దాన్ని స్వయంభువు అంటారు. అది వినిపిస్తేనే శ్రుతి కుదిరినట్టు, అది వినగలిగితేనే చెవి ఉన్నట్టు. పంతులుగారు నన్ను పొగిడింది దానికే. లెక్క కూడా సరిపోయింది. సా తీగ అయిదు ముక్కలుగా ఊగితే వచ్చేది సరిగ్గా ఆ గాంధారమే. అన్నిటికన్నా ముఖ్యం, శుద్ధ సావేరిలో గాంధారం లేదు. స రి మ ప ద, అంతే. ఆ రాగంలో గా కొట్టడమంటే పెళ్ళిలో అన్నప్రాసన మంత్రం చదవడం. మా ఇంట్లో పుట్టినవాళ్ళెవరూ చేయరు. అందుకని నొటేషన్‌లో ఎక్కడా గా రాయలేదు. అరవై నాలుగు బార్లు, అంటే నిలువుగీతల మధ్య తాళం గళ్ళు, ఒక్క గా లేదు. శుభ్రంగా సిరాతో తిరగరాసి టీచరుకు ఇచ్చాను. ఇవ్వడమేమిటి, ఆవిడ చేతిలో పెట్టి రెండడుగులు వెనక్కు నిలబడ్డాను.

"దస్తూరీ బాగుంది సార్," అంది ఆవిడ. "ఇక్కడ ఎడమచేతికి అంత దూరం ఎలా పెట్టారు? ఈ కింద సా, పైన పా. నా చెయ్యి సాచినా అందదు. మీ అత్తగారి చెయ్యి నాకంటే చిన్నది."

"పెడల్ తొక్కి ఒకదాని తరవాత ఒకటి కొట్టవచ్చుగా."

"కొట్టొచ్చు. కొట్టారా?"

మళ్ళీ విన్నాను. ఆ కింది సా నాకు వినిపించిందనే నమ్మకంతో రాసినది. చిన్న స్పీకరు దాన్ని పలికించలేదు కూడా. తీసేశాను. చెయ్యి ఎంత సాగుతుందో చూసుకోవాలని ఒక్కసారైనా నాకు తోచలేదు. వీణకు ఆ బాధ లేదు.

జనవరి చివర అత్తయ్యను రిక్షాలో స్కూలుకు తీసుకెళ్ళాం. హాల్లో మేం నలుగురమే. టీచరు వాయించింది. తప్పు లేకుండా వాయించింది. నా చెవికి అది అత్తయ్య ముక్కే. చివరి స్వరం ఆరేదాకా ఆగి అత్తయ్య వైపు చూశాను.

"కాదు," అంది.

ఆవిడ ఎడమచేతితో ఒళ్ళో పడి ఉన్న కుడిచేతిని ఎత్తి పట్టుకుంది. ఆ చేతి బొటనవేలిని పట్టుకుని రెండుసార్లు ఊపింది. చచ్చిపోయిన చేతిని చూపిస్తోంది, నేనే వాయించి ఉంటే అంటోంది, అనుకున్నాను. దగ్గరకు వెళ్ళి, "ఊరుకో అత్తయ్యా, ఇప్పుడు దాన్ని తలుచుకుని ఏం లాభం," అన్నాను. ఆవిడ నా చెయ్యి విదిలించింది. మళ్ళీ బొటనవేలే. "కాదు, కాదు."

మా ఆవిడ కొంగు కళ్ళకద్దుకుంటోంది. టీచరు మాత్రం స్టూలు మీద నుంచి కదలకుండా తన కుడిచేతి వైపు చూసుకుంటోంది. చిటికెన వేలు పై పా మీద ఉంది. బొటనవేలు గాల్లో ఖాళీగా ఉంది.

"సార్, ఆమె ఏడవట్లేదు. వేలు చెప్తున్నారు," అంది. "పాటంతా చిటికెన వేలి వైపు పెట్టారు మీరు. బొటనవేలికి పనే లేదు. మీ అత్తగారు మాకు నేర్పేటప్పుడు ఖాళీ వేలు చూస్తే స్కేలుతో కొట్టేవారు."

ఆవిడ బొటనవేలు దించి కింద ఉన్న మెట్లు ఒక్కొక్కటీ నొక్కింది. రి, మ. అత్తయ్య 'కాదు' అంది. ఆవిడ వాటి మధ్య ఉన్న మెట్టు నొక్కింది.

"ఊఁ," అంది అత్తయ్య.

గాంధారం.

"అది రాగంలో లేదు," అన్నాను నేను. బయటికే అన్నాను. అత్తయ్య నన్ను చూసిన చూపు మా తాత కచేరీలో గుమాస్తాలను చూసేదని చెప్పుకునే చూపు.

ఇంటికి వచ్చాక రెండు రోజులు ఆ కాగితాలు ముట్టుకోలేదు. మూడోనాడు కూర్చున్నాను. ఆవిడ గా కొట్టిందని తెలిసింది. ఎక్కడెక్కడ కొట్టిందో తెలియదు. సా మోగిన ప్రతిచోటా గా వినిపిస్తూనే ఉంది, కొట్టినా కొట్టకపోయినా. స్కూల్లో ఆవిడను కూర్చోబెట్టి అరవై నాలుగు బార్లకూ ఊఁ, కాదు అనిపించే ఓపిక ఆ శరీరానికి లేదు. డాక్టరు ముందే చెప్పాడు. కాబట్టి టేపులోంచే తేల్చాలి. వార్షికోత్సవానికి పంతొమ్మిది రోజులుంది.

దారి లాబులోనే దొరికింది, నేను ఏటా చూపించే పాఠంలోనే. దాదాపు ఒకే శ్రుతిలో ఉన్న రెండు దండాలను కలిపి కొడితే శబ్దం లేస్తూ పడుతూ ఊగుతుంది. పుస్తకంలో విస్పందనాలు అంటారు. సా లోంచి పుట్టే స్వయంభువు గాంధారమూ, పియానో మెట్టు నొక్కితే వచ్చే గాంధారమూ ఒకటి కావు. అన్ని శ్రుతులకూ పనికి రావాలని పియానో గాంధారాన్ని రవ్వంత పైకి కడతారు. అంటే, సా ఒక్కటే మోగితే గా నిలకడగా ఉండాలి. బొటనవేలు కూడా పడితే రెండు గాంధారాలూ కొట్లాడుకుని ఊగాలి. సగం వేగంలో ఆ ఊపు కూడా సగానికి తగ్గి లెక్కపెట్టేంత నెమ్మదిస్తుంది.

సరిచూడటానికి హాలుకు వెళ్ళాను. టీచరు చేత సా, పా కొట్టించి రికార్డు చేశాను, మళ్ళీ గా కలిపి కొట్టించి రికార్డు చేశాను. పియానోలో ఒక్కో స్వరానికి మూడేసి తీగలు, అవి తమలో తాము కుదరకపోయినా ఊపు వస్తుంది. కాబట్టి ముందు గా ఒక్కదాన్నీ కొట్టించి దాని సొంత ఊపు ఎంతో తెలుసుకున్నాను. అది చాలా నెమ్మది. రెండూ కలిసినప్పటి ఊపు వేరు, త్వరగా ఉంది. తేడా తెలిసింది.

"ఇంత ముందే నన్ను అడిగి ఉంటే," అంది టీచరు.

"అడగలేదు."

"అడగలేదనే అంటున్నాను సార్."

ఆ రోజు నుంచి ఆవిడా కూర్చుంది. నేను చెవితో ఊపు లెక్కపెడితే, ఆవిడ చెయ్యి పెట్టి చూసేది. పాట రి మీదో మ మీదో ఉన్నప్పుడు బొటనవేలు గా మీద ఉండటానికి వీల్లేదని, ఉంటే వేళ్ళు ఇరుకున పడి చెవికి కూడా గీసుకుంటుందని ఆవిడ తేల్చింది. పా, ద, పై సా ఉన్నచోట మాత్రమే వెతకమంది. దానితో సగం బార్లు పక్కన పెట్టేశాం. మిగిలినవి ఒక్కొక్కటే. కొన్నిచోట్ల బొటనవేలు ఎడమచేతి కంటే ఒక రవ్వ ఆలస్యంగా పడింది, అక్కడ తీగ మీద పడే సుత్తి దెబ్బ విడిగా వినిపించింది, అవి సులువు. కలిసి పడిన చోట్ల ఊపు ఒక్కటే ఆధారం. ఆ ఊపు మొదలయ్యేలోపే పాట ముందుకు సాగిన చోట్ల, ముందూ వెనకా బార్లలో ఆ చెయ్యి ఎలా నడిచిందో చూసి తేల్చాల్సి వచ్చింది. ఒక బారుకు మూడు సాయంత్రాలు పట్టింది. వదల్లేదు. తాతలు సరిహద్దు రాళ్ళ కోసం ఇరవై ఏళ్ళు దావా నడిపారు, నేను ఒక గాంధారం కోసం మూడు సాయంత్రాలు కూర్చోలేనా.

రాసేకొద్దీ ఆవిడ ఏం చేసిందో కనిపించింది. మొదట్లో గా అసలు లేదు, నిజంగా స్వయంభువే. పాట సాగినకొద్దీ, తంబురాలో తనంతట తాను పుట్టే ఆ స్వరాన్ని ఆవిడ మెల్లగా వేలితో అందుకుంది. ముందు ఒకచోట, తరవాత రెండుచోట్ల, చివరికి ధైర్యంగా. ఇరవై మూడు చోట్ల కొట్టింది. నేను అన్నప్రాసన మంత్రం అనుకున్నది ఆవిడ ముక్కకు ప్రాణం. నాకు చెవి ఉందని పొగిడిన గురువు దగ్గరే ఆవిడా నేర్చుకుంది. ఆ చెవితో నేను తీసేసినదాన్నే ఆవిడ పెట్టింది.

యాభై ఎనిమిదో బారు మాత్రం తేలలేదు. టేపులో సరిగ్గా అక్కడ బయట బస్సు హారను మోగింది. టీచరు ఉందంది, నేను లేదన్నాను. చివరికి అక్కడ ఖాళీగా వదిలి పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టాను. సిరాతో అబద్ధం రాయడం మాకు అలవాటు లేదు.

ఈమధ్య కంప్యూటర్లు పియానో టేపు విని నిమిషంలో నొటేషన్ రాసి ఇస్తున్నాయని విన్నాను, రాసినదాన్ని చూశాను కూడా. స్వరాలు చాలావరకు పడుతున్నాయి. మోగిన పొడవంతా పట్టుకున్న పొడవని రాస్తున్నాయి, ఏ చెయ్యి కొట్టిందో కలిపేస్తున్నాయి, వాయించే మనిషి ఊపిరి తీసుకున్న చోటల్లా తాళం విరగ్గొడుతున్నాయి. అక్కడక్కడా కొట్టని స్వరం వేస్తున్నాయి, కొట్టినదాన్ని మింగేస్తున్నాయి. వాటిని చూసి నవ్వే హక్కు నాకు లేదు.

వార్షికోత్సవం ముందురోజు సాయంత్రం అత్తయ్యను మళ్ళీ హాలుకు తీసుకెళ్ళాం. అందరి ముందూ అత్తయ్య 'కాదు' అంటే టీచరు పరువు పోతుందని నేనే ముందురోజు పెట్టించాను. టీచరు వాయించింది. పదో బారులో మొదటి గాంధారం పడ్డప్పుడు అత్తయ్య ఎడమచెయ్యి కుర్చీ చేతి మీద ఆగింది. తరవాత ఆ చేతి బొటనవేలు, ఎక్కడెక్కడ పడాలో అక్కడక్కడ కదిలింది. నేను కాగితం ముందు పెట్టుకుని సరిచూశాను. యాభై ఎనిమిదో బారు దగ్గర టీచరు కొట్టకుండా వదిలింది. అత్తయ్య వేలు పడింది. నేను పెన్సిలు తీసి ప్రశ్నార్థకం చెరిపి గా పెట్టాను.

అయిపోయాక ఆవిడ 'కాదు' అనలేదు. 'ఊఁ' అని కూడా అనలేదు. ఎడమచేతితో నా చేతిలోంచి కాగితాలు తీసుకుని టీచరు వైపు చాచింది.

"నాకా?" అంది టీచరు.

"ఊఁ."

"సార్, మీ ఇంటి ఆస్తి కదా."

నేను పెన్సిలు జేబులో పెట్టుకున్నాను. చెప్పాల్సిన మనిషి చెప్పేసింది.

మర్నాడు ఆరుగంటలకు, పిల్లల నాటకానికీ బహుమతులకూ మధ్యన, ఆ ముక్క నిండిన హాల్లో మోగింది. సాయిబు కూడా వచ్చాడు. "మామూలు స్పీడులో కూడా బాగానే ఉంది కరణంగారూ," అన్నాడు. అత్తయ్య ముందు వరసలో చివరిదాకా నిటారుగా కూర్చుంది. ఆవిడ ఆ ఏడు శ్రావణం చూడలేదు.

ఇక ఆ ముక్క ఆ ఒక్క పియానో మీద, ఆ ఒక్క కాసెట్ మీద ఆధారపడి లేదు. ఆశ్వయుజంలో స్కూలువారికి నేనే ఉత్తరం రాశాను. పియానోను, దాని స్టూలును వాళ్ళకు అమ్మాం.